పది గ్రాముల తేడా

విజయవాడలో ఓ చిన్న పార్లర్. పనిలో కొత్తగా చేరిన అమ్మాయికి అప్పటిదాకా తలస్నానాలు చేయించడం, తువ్వాళ్లు మడతపెట్టడమే పని. ఆ రోజు మొదటిసారి కలర్ కలపమన్నారు. వచ్చినావిడకు కుదుళ్ల దగ్గర సగానికి పైగా తెల్లవెంట్రుకలే.

జుట్టు రంగులో రెండు భాగాలుంటాయి. ట్యూబులోని క్రీమ్‌లో రంగుగా మారాల్సిన పదార్థాలు, అమ్మోనియా ఉంటాయి. సీసాలోని డెవలపర్‌లో ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడ్. 20 వాల్యూమ్ అంటే అది 6 శాతం ఉన్నట్టు. అమ్మోనియా వెంట్రుక పైపొరను ఉబ్బించి లోపలికి దారి ఇస్తుంది. పెరాక్సైడ్ లోపలికి చేరి, వెంట్రుకలోని సహజమైన నలుపును కొంత తగ్గిస్తూనే కొత్త రంగు తేలేలా చేస్తుంది. ఈ రెండు పనులూ సరిగ్గా తూగాలంటే పాళ్లు కుదరాలి. ఆ కంపెనీ రంగుకు ఒక వంతు క్రీమ్, ఒకటిన్నర వంతు డెవలపర్ కలపాలని పెట్టె మీదే రాసి ఉంది.

మొదటి బౌల్ సీనియర్ అక్క దగ్గరుండి తూచి కలిపించింది: 20 గ్రాముల క్రీమ్, 30 గ్రాముల డెవలపర్. అది తల ముందు భాగానికే సరిపోయింది. అక్క ఇంకో కస్టమర్ దగ్గర ఉండటంతో ఈ అమ్మాయి రెండో బౌల్ తనే కంటి అంచనాతో కలిపేసింది. బ్రష్‌తో ఎత్తితే నిలవకుండా జారింది. మెడ మీదికి కారుతుంటే దూదితో తుడుస్తూ పూసింది. అసలు అనుమానించాల్సింది అక్కడే.

ముప్పై అయిదు నిమిషాల తర్వాత కడిగితే ముందు వైపు నిండు గోధుమ రంగు. వెనక తెల్లవెంట్రుకలు పలచగా మెరుస్తున్నాయి, నల్లవెంట్రుకల్లో రాగి ఛాయ.

అక్క కోప్పడలేదు. త్రాసు మీద ఖాళీ బౌల్ పెట్టి సున్నా చేసి, "ఇందాక ఎలా పోశావో అలాగే పొయ్యి" అంది. క్రీమ్ 10 గ్రాములు, డెవలపర్ 30. అంత డెవలపర్‌కు 20 గ్రాముల క్రీమ్ కావాలి.

"డెవలపర్ ఎక్కువైతే రంగు బాగా పడుతుందనుకున్నానక్కా."

చాలామంది అనుకునేదే ఇది. ఎంత పోసినా అది 6 శాతం పెరాక్సైడే, బలం పెరగదు. క్రీమ్ మాత్రం పలచనై వెంట్రుకకు అందే రంగు తగ్గుతుంది. నల్లవెంట్రుకల్లో నలుపు కొంత పోయి, దాన్ని కప్పేంత రంగు లేక రాగి ఛాయ బయటపడుతుంది.

మాడు మీద మంట, ఎరుపు లేవని చూసుకుని, వెనక భాగానికి మాత్రం మళ్లీ తూచి కలిపి పూశారు. ముందే రెట్టింపు కలిపి ఉంచుకుంటే పోయేది కదా అంటే, కలిపిన క్షణం నుంచే రంగు మారడం మొదలవుతుంది, కాసేపటికి పనికిరాదు. అందుకే రెండో బౌల్ ఎప్పుడూ అప్పటికప్పుడు కలపాల్సిందే, అదే పాళ్లలో. ఆవిడ కార్డు మీద అమ్మాయి ఇలా రాసింది: క్రీమ్ 20, డెవలపర్ 30, రెండు బౌళ్లు, 35 నిమిషాలు.