అమ్మమ్మ ఒప్పుకున్న లాంగ్ జాకెట్!

పోయినేడాది పెద్దమ్మ వాళ్ల గృహప్రవేశానికి కొత్త కుర్తీ వేసుకెళ్లా. స్ట్రెయిట్ కట్, స్లీవ్‌లెస్, పక్కన పొడుగాటి స్లిట్లు. ఫొటోల్లో సూపర్. కానీ వ్రతం దగ్గర కింద కూర్చోగానే స్లిట్ పక్కకి తొలగిపోయింది. అమ్మమ్మ అందరి ముందూ, "ఏమే, లోపలికెళ్లి ఏదైనా కప్పుకుని రా" అంది. మిగతా ఫంక్షనంతా అమ్మ పాత చున్నీ చుట్టుకుని మూల కూర్చున్నా.

అందుకే ఈ మే నెలలో తాతయ్య షష్టిపూర్తి అనగానే ముందే గుండె దడ మొదలైంది. తెనాలి దగ్గర పల్లెటూరు, మండే ఎండ, పైగా వడ్డన డ్యూటీ కూడా నాదే. చీర కట్టుకుని వంగి సాంబారు వడ్డించడం నావల్ల కాదు. అలాగని అమ్మమ్మకి మళ్లీ చాన్స్ ఇవ్వకూడదు! పొడుగు కుర్తీ, దాని మీద లాంగ్ జాకెట్ వేద్దామని ఫిక్సయ్యా.

ముందు కుర్తీ సంగతి. నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. 46 అంగుళాల కుర్తీ అయితే పిక్కల మధ్యదాకా వస్తుంది. రెడీమేడ్‌వాటికి స్లిట్ తుంటి దగ్గరే మొదలైపోతుంది కదా, దాన్ని మోకాలి దాకా కుట్టేస్తే సరిపోతుందనుకున్నా. ఇంట్లో ఉన్న పాత కుర్తీకి అలాగే కుట్టి, బాసింపట్టు వేసుకుని కూర్చుని చూశా. పర్ర్‌మంటూ కుట్టు ఊడింది. స్ట్రెయిట్ కుర్తీకి కింద ఘేర్ తక్కువ. మోకాళ్లు చాపడానికి చోటిచ్చేది ఆ స్లిట్టే. దాన్ని మూసేస్తే ఆ చోటు ఇంకెక్కడో ఇవ్వాలి.

మా టైలరక్క చూసి నవ్వింది. "స్లిట్ మూయాలంటే కలీ వెయ్యాలమ్మా" అంది. కలీ అంటే పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే త్రికోణం ముక్క. రెండు పక్కలా ఒక్కోటి పెట్టి కుడితే కుర్తీ ఏ-లైన్‌లా విచ్చుకుంటుంది. నడుము దగ్గర మాత్రం ఫిట్టింగ్ మారదు. స్లిట్ అసలు అక్కర్లేదు. కొత్త కుర్తీని తెల్లటి మల్ కాటన్‌తో అలా కుట్టించా. చేతులు మోచేతి దాకా, మెడ గుండ్రంగా, కాస్త పైకి. బోట్ నెక్ అడిగితే తనే వద్దంది. వంగినప్పుడు భుజం జారుతుందట.

ఇక జాకెట్. దీనికి బట్ట కొనలేదు. అమ్మ పాత మంగళగిరి కాటన్ చీర, ముదురు ఆకుపచ్చకి జరీ అంచు. చీరకి రెండు వైపులా అంచు ఉంటుంది కదా? ఒక అంచు వైపు జాకెట్ ఎడమ ముందు ముక్క, రెండో అంచు వైపు కుడి ముందు ముక్క పెట్టి కత్తిరించింది టైలరక్క. రెండు జరీ గీతలూ ముందు భాగంలో మెడ నుంచి కింది దాకా నిలువుగా వచ్చాయి. ఆ నిలువు గీతల వల్ల నేను కాస్త పొడుగ్గా కూడా కనిపించా! వీపు ముక్క మధ్య బట్టలోంచి తీసింది. మొత్తానికి రెండున్నర మీటర్లు పట్టింది.

పాత చీర కోసేముందు వెలుతురుకి పట్టి చూడండి. మడతల దగ్గర, కుచ్చిళ్లు దోపే చోట, ఫాల్ కుట్టిన చోట దారాలు పలచబడి ఉంటాయి. రెండు చేతులతో కాస్త లాగితే చిరిగేలా ఉంటే ఆ భాగం వదిలేయండి. ముఖ్యంగా చంక దగ్గరికి రానివ్వకండి, ముందు పోయేది అక్కడే.

జాకెట్ పొడుగు 42 అంగుళాలు పెట్టించా, అంటే కుర్తీ కంటే నాలుగు తక్కువ. రెండూ దాదాపు సమానంగా ఉంటే కొలత తప్పినట్టే ఉంటుంది. తేడా కొట్టొచ్చినట్టు ఉంటేనే అది లేయర్. జాకెట్‌కి చేతులు పెట్టలేదు, ఎండకి రెండు పొరల చేతులంటే ఉడికిపోతాం. ఛాతీ దగ్గర మాత్రం రెండు హుక్స్ వేయించా. లేకపోతే వంగినప్పుడల్లా జాకెట్ ముందుకి వేలాడి సాంబారులో మునుగుతుంది.

వెళ్లేముందు ఇంట్లో రిహార్సల్ చేశా. కింద కూర్చుని లేచా, బకెట్ పట్టుకుని వంగా, చేతులు పైకెత్తా. కిటికీ ముందు నిలబడితే తెల్ల కుర్తీలోంచి కాళ్ల నీడ కనిపించింది. అప్పటికప్పుడు లోపల తెల్ల లెగ్గింగ్ మార్చి చర్మం రంగుది వేశా. తెల్లటి బట్ట కింద తెల్లదే ఎక్కువ కనిపిస్తుందని అప్పుడే తెలిసింది.

షష్టిపూర్తి రోజు గుమ్మంలోనే అమ్మమ్మ ఆపింది. "చున్నీ ఏదే?" ఇది ఊహించిందే. "ఇదే అమ్మమ్మా, కుట్టేశాం" అని జాకెట్ అంచు చూపించా. జరీని వేళ్లతో తడిమి చూసింది. "ఇది మీ అమ్మకి నేను కొన్న చీర కదే! కోసేశారా?" అని మళ్లీ క్లాస్ మొదలెట్టింది. కానీ కప్పుకోమని మాత్రం అనలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మెల్లగా వచ్చి, మిగిలిన మూడు మీటర్లు ఎక్కడున్నాయని అడిగింది.