పెద్దావిడ పడిపోయారని ఇంటివాళ్లకు ఎలా రాయాలి

హైదరాబాద్ శివార్లలో వృద్ధులను చూసుకునే హోమ్ ఒకటి ఉందనుకుందాం. తెల్లవారుజామున 4:40కి రౌండ్‌కు వెళ్లిన ఆయమ్మకు 82 ఏళ్ల పెద్దావిడ మంచానికీ బాత్‌రూమ్ తలుపుకీ మధ్య నేల మీద కనిపించారు. కొడుకు డాలస్‌లో ఉంటాడు. వేసవి కాబట్టి అక్కడ ముందురోజు సాయంత్రం 6:10. వెంటనే ఫోన్ చేయాలి, అందులో సందేహం లేదు. కానీ ఆ ఫోన్‌లో కొడుకు చెవికెక్కేది 'పడ్డారు' అన్న ఒక్క మాటే. అందుకే అదే రోజు మేనేజరు ఉత్తరం కూడా రాయాలి. దాన్ని రేపు విజయవాడలోని కూతురూ చదువుతుంది, వాళ్లకు తెలిసిన డాక్టరూ చదువుతాడు.

చాలామంది మొదటి వాక్యంలోనే తప్పటడుగు వేస్తారు. 'మీ అమ్మగారు కాలు జారి పడ్డారు' అని రాసేస్తారు. జారడం ఎవరు చూశారు? ఇలా రాస్తే సరి:

'నమస్కారం అండీ. పొద్దున ఫోన్‌లో చెప్పినదే వివరంగా రాస్తున్నాను. ఈ రోజు తెల్లవారుజామున 4:40కి అమ్మగారు గదిలో నేల మీద ఉండగా మా ఆయమ్మ చూసింది. పడటం ఎవరూ చూడలేదు. 3:30కి చూసినప్పుడు నిద్రపోతున్నారు. ఈ మధ్యలో ఎంతసేపు నేల మీద ఉన్నారో చెప్పలేం. బాత్‌రూమ్‌కని లేస్తే కళ్లు తిరిగాయని ఆవిడ చెప్పారు.'

'కాలు జారి' అని రాసి ఉంటే అందరూ నేలను అనుమానించి, కొత్త మ్యాట్ వేసి ఊరుకునేవారు. కళ్లు తిరగడానికి దారి వేరు. పడుకున్న మనిషి లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు బీపీ పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతే మెదడుకు రక్తం చాలక ఒళ్లు తూలుతుంది. ఉత్తరంలో ఆ సంగతీ ఉండాలి: 'పడుకున్నప్పుడు 142, నిలబడ్డాక 114. పది రోజుల క్రితం బీపీ మాత్ర డోసు పెంచారు. కారణం అదేనా అన్నది డాక్టరుగారు చూస్తున్నారు.' తేలని విషయాన్ని తేలనట్టే రాయడం నిజాయితీ. మాత్ర పెంచిన సంగతి దాచితే తర్వాత ఫైల్లో ఎలాగూ బయటపడుతుంది.

గాయం గురించి రాసేటప్పుడు 'కంగారేం లేదు' అనే మాట నాకు నచ్చదు. కంగారు పడాలో వద్దో కొడుకు తేల్చుకుంటాడు, దానికి కావలసిన సంగతులు మనం ఇవ్వాలి. ఎడమ కనుబొమ మీద బొప్పి కట్టింది. గుండె లయ తప్పుతుందని రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతున్నారు కాబట్టి, బాగానే మాట్లాడుతున్నా సీటీ స్కాన్ తీయించారు. స్కాన్‌లో రక్తస్రావం కనిపించలేదు. అక్కడితో ఆపితే మాత్రం సగమే చెప్పినట్టు. ఈ వయసులో తలకు దెబ్బ తగిలితే లోపల రక్తం మెల్లగా చేరి, కొన్ని వారాల తర్వాత బయటపడవచ్చు. అందుకని 'అమ్మగారు మామూలుకన్నా మగతగా ఉన్నా, తలనొప్పి పెరిగినా, వాంతులైనా, మాట తడబడినా, ఒక పక్క చేయి పట్టు తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తాం. వీడియో కాల్‌లో మీకు తేడా అనిపిస్తే ఏ వేళైనా ఫోన్ చేయండి' అని రాయాలి.

ఇక అసలు కష్టమైన చోటు. కాలింగ్ బెల్ మంచం తలవైపు గోడకు ఉంది, నేల మీద నుంచి అందదు. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అంటే అది బ్యాంకు నోటీసులా ఉంటుంది. 'బెల్ అక్కడ పెట్టింది మేమే. అమ్మగారు పిలవాలనుకున్నా పిలవలేకపోయారు. క్షమించండి' అంటే చాలు. క్షమాపణ చెబితే కేసులో ఇరుక్కుంటామని యాజమాన్యాలు జంకుతాయి. ఇంగ్లండ్‌లో 2015 నుంచి కేర్ హోమ్‌లకు చట్టమే ఉంది: తీవ్రమైన హాని జరిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, క్షమాపణ కోరాలి, రాతపూర్వకంగా ఇవ్వాలి. క్షమాపణ చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని అక్కడి చట్టం 2006లోనే చెప్పింది.

కొడుకు అడగబోయే ప్రశ్న ఒకటి తెలిసిందే: మంచానికి రెండు వైపులా కమ్మీలు పెట్టొచ్చుగా? లేచి నడవగలిగిన మనిషి ఆ కమ్మీలు ఎక్కి దాటబోతారు, అప్పుడు ఇంకా ఎత్తు నుంచి పడతారు. ఉత్తరంలో ఈ సంగతి ముందే చెప్పి, చేస్తున్నవి రాయాలి: 'మంచం ఎత్తు తగ్గించాం. బాత్‌రూమ్ దారిలో రాత్రంతా లైటు ఉంటుంది. మెడలో వేసుకునే బెల్ ఈ రోజే ఇచ్చాం. నాలుగింటికి ఆయమ్మ వెళ్లి బాత్‌రూమ్‌కి వస్తారా అని అడుగుతుంది. ఇక పడరని మాట ఇవ్వలేను.'

చివర్లో ఒక ప్రశ్న అడగాలి, ఎందుకంటే జవాబు ఇంటివాళ్ల దగ్గరే ఉంటుంది: 'ఇంట్లో ఉన్నప్పుడు అమ్మగారు రాత్రి ఎన్నిసార్లు లేచేవారు? ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా కళ్లు తిరిగాయా? శుక్రవారం బీపీ లెక్కలతో మళ్లీ రాస్తాను.' శుక్రవారానికి డాక్టరు ఏమీ తేల్చకపోతే, ఇంకా తేలలేదని రాయడానికైనా ఆ రెండో ఉత్తరం వెళ్లాల్సిందే.