మైలేజీ సరిపోతే లెక్క సరిపోయినట్టేనా?

బండి లాగ్‌బుక్ చేతికొస్తే మనోళ్ళు ముందు చూసేది మైలేజీ. నెలకి పోసిన డీజిల్ 150 లీటర్లు, తిరిగింది 1,800 కిలోమీటర్లు, అంటే లీటరుకి 12. బండికి చెప్పిన మైలేజీ కూడా 12 కాబట్టి లెక్క సరిపోయిందనీసి సంతకం పెట్టీస్తారు. నేను బళ్ళ లెక్కలు చూసే పనిలోనే ఉన్నాను. నాకు ముందు అనుమానం వచ్చేది అలా అచ్చంగా సరిపోయిన పుస్తకం మీదే.

ఎందుకంటే, లీటర్లు బంకు బిల్లులో ఉంటాయి, మైలేజీ ముందే చెప్పుకున్నది. రెండూ గుణిస్తే కిలోమీటర్లు కూర్చున్నకాడే వచ్చేస్తాయి. అలా రాసిన పుస్తకంలో ప్రతి వరసకీ 12 పడతాది. నిజంగా తిరిగిన బండికి అలా రాదు. ఒకరోజు బరువు ఎక్కువ, ఒకరోజు వీధివీధికీ ఆగాలి. ఒక ఫుల్ ట్యాంకుకి 10 వస్తే ఇంకోదానికి 11 వస్తాది.

మరి నిజం ఎలాగ తెలుస్తాది? పుస్తకం బయట పుట్టిన అంకె ఒకటి పట్టుకోవాలి. మన భీమిలి సంగతే తీసుకుందాం. భీమిలి జీవీఎంసీలో కలిసింది, జీవీఎంసీ చెత్త యార్డు కాపులుప్పాడలో ఉంది. అక్కడికి చెత్త మోసే చిన్న టిప్పరు ఒకటి ఉందనుకోండి. ఇది లెక్క అర్థమవడానికి చెప్తున్న బండే, ఫలానా ఎవరిదో కాదు. పుస్తకంలో పైన చెప్పిన అంకెలే ఉన్నాయి.

ఇప్పుడు ఆ నెల కాటా చీటీలు లెక్కపెట్టాలి. బరువు తూచినప్పుడల్లా ఒక చీటీ వస్తాది కాబట్టి, ఎన్ని చీటీలో అన్ని ట్రిప్పులు. 52 చీటీలు ఉన్నాయనుకుందాం. వార్డు తిరిగి, యార్డుకెళ్ళి, వెనక్కి రావడానికి ఎంత దూరమో మన మోటారు సైకిల్ మీద అదే దారిలో వెళ్ళి కొలవొచ్చు. 22 కిలోమీటర్లు వచ్చిందనుకోండి. 52 ట్రిప్పులకి 1,144 కిలోమీటర్లు. పుస్తకంలో ఏమో 1,800. షెడ్డుకి వెళ్ళిరావడం, రిపేరుకి తిప్పడం అని కొంత ఒగ్గేసినా, ఇంత తేడా రాకూడదు.

ఇక్కడే చాలామంది తొందరపడి డ్రైవరు డీజిల్ అమ్మేశాడనీసి తేల్చేస్తారు. ఆగండి. ముందు బండి మీటరు చూడాలి. నెల మొదట్లో, ఆఖర్లో తీసిన ఫొటోలు ఉంటే మరీ మంచిది. మీటరు కూడా 1,800 తిరిగితే డీజిల్ బండిలోనే కాలింది. అప్పుడు అడగాల్సింది ఆ మిగతా దూరం ఎవరి పని మీద వెళ్ళిందని.

మీటరు 1,150 దగ్గరే ఆగితే పుస్తకంలో దూరం అబద్ధం. డీజిల్ ఏమైందో తేలాలంటే ఫుల్ ట్యాంకు పరీక్ష ఒక్కటే దారి. బంకులో గన్ను దానంతటదే కట్టయ్యేదాకా పోయించి మీటరు రాసుకోవాలి. రోజూ వెళ్ళే దారిలో, రోజూ మోసే బరువుతోనే నాలుగు రోజులు తిప్పి, అదే బంకులో మళ్ళీ అలాగే నింపాలి. రెండోసారి పట్టిన లీటర్లే కాలిన డీజిల్. ఖాళీ బండిని బీచ్ రోడ్డు మీద సాఫీగా నడిపి కొలిస్తే ఆ అంకె పనికిరాదు.

పరీక్షలో 11 వచ్చిందనుకోండి. 1,144 కిలోమీటర్లకి 104 లీటర్లు చాలు. మిగతా 46 లీటర్లు ఈ బండి తాగలేదు. అప్పుడు బంకు బిల్లులు తిరగేయండి. 30 లీటర్ల ట్యాంకుకి ఒకేసారి 40 లీటర్లు పోసినట్టు బిల్లుంటే, మిగతాది క్యానులోకైనా పోయుండాలి, కాయితం మీదే ఉండుండాలి.

అదే పరీక్షలో ఏడున్నర వస్తే? 1,144 కిలోమీటర్లకి దాదాపు 153 లీటర్లు కావాలి, అంటే పోసిన 150 నిజంగానే కాలింది. ఇక్కడ డీజిల్ దొంగ లేడు. బండి పాతబడింది, లేకపోతే 12 అన్న అంకే ఆ పనికి తప్పు. మైలేజీ తగ్గితే జీతం కోస్తారన్న భయానికి డ్రైవరు దూరం పెంచి రాసుంటాడు. దొంగని ముద్రేసి కోసేది అతని జీతాన్నే.

అన్ని బళ్ళకీ ఈ లెక్క కుదరదు. జేసీబీ, చెత్తని నొక్కే కంపాక్టరు లాంటివి నిలబడే డీజిల్ తాగుతాయి. వాటికి కిలోమీటర్లు కాదు, గంటకెన్ని లీటర్లని చూడాలి. మీటరు పాడైన బండికి జీపీఎస్ దూరమో, ట్రిప్పుల లెక్కో తప్ప గతి లేదు.

ప్రజల డబ్బుతో తిరిగే బండైతే ఈ కాయితాలు అడిగే హక్కు మనకుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద జీవీఎంసీ లాంటి ఆఫీసుకి 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్క బండి, ఒక్క నెల అడగండి చాలు. కానీ లాగ్‌బుక్ ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. అది ఎప్పుడూ సరిపోతాది. దాంతోపాటు బంకు బిల్లులు, కాటా చీటీలు కూడా ఇమ్మనండి.