పన్ను మేమే కడతాం అంటే ఎంత కట్టాలి?

టార్గెట్ దాటి అమ్మిన డీలరు దంపతులను ఓ సిమెంటు కంపెనీ విదేశీ టూరుకు పంపింది, ఖర్చు 1,80,000 రూపాయలు అయిందనుకుందాం. ఇలాంటి కానుకల మీద 2022 జులై 1 నుంచి టీడీఎస్ ఉంది. 1961 ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 194ఆర్ సెక్షన్ ప్రకారం, వ్యాపార సంబంధంలో ఒకరికి ఇచ్చిన ప్రయోజనాల విలువ ఏడాదిలో 20,000 దాటితే ఇచ్చినవారు 10 శాతం పన్ను జమచేయించాలి.

డబ్బుగా ఇస్తే అందులోంచే పట్టుకోవచ్చు. విమానం టికెట్టులోంచి ఏం పట్టుకుంటారు? డీలరే ముందుగా పన్ను కట్టి రుజువు చూపాలి, లేదా కంపెనీ భరించాలి. అభిమానంగా పంపే టూరుకు డబ్బులు అడగడం ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి ‘పన్ను మేమే కట్టేస్తాం’ అంటుంది కంపెనీ.

లెక్క తప్పేది ఇక్కడే. అకౌంటెంటు 1,80,000లో 10 శాతమని 18,000 కట్టేస్తాడు. కానీ డీలరు కట్టాల్సిన ఆ 18,000 కంపెనీ కట్టిందంటే, అదీ డీలరుకు దక్కిన లాభమే. దాని మీద పన్ను 1,800. ఆ 1,800 కూడా కంపెనీదే అయితే మళ్లీ 180, ఆపైన 18. ఇలా కూడుతూ పోతే మొత్తం 20,000 దగ్గర ఆగుతుంది. ఆదాయపు పన్ను శాఖ 2022లో ఇచ్చిన 12వ సర్క్యులర్ కూడా కట్టిన టీడీఎస్‌ను ప్రయోజనంలో కలిపే లెక్కించాలని చెప్పింది.

ఇన్ని కూడికలు అక్కర్లేదు. పన్ను పోగా మిగిలేది 90 శాతం, అదే 1,80,000. కాబట్టి 1,80,000ను 0.90తో భాగిస్తే అసలు మొత్తం 2,00,000 వస్తుంది. పదో వంతు 20,000 తీసేస్తే మళ్లీ టూరు ఖర్చే మిగలాలి. మిగిలితే లెక్క సరే. డీలరు పాన్ ఇవ్వకపోతే రేటు 20 శాతం. అప్పుడు 0.80తో భాగించాలి. మొత్తం 2,25,000, పన్ను 45,000 అవుతాయి.

తక్కువ కడితే ఆ తేడాకు నెలకు 1 శాతం చొప్పున వడ్డీ కంపెనీ మీద పడుతుంది. లెక్క సరిగా వేశారో లేదో డీలరుకు తన 26ఏఎస్‌లోనే తెలుస్తుంది. అందులో 2,00,000కు 20,000 అని ఉండాలి. 1,80,000కు 18,000 అని ఉంటే భరించిన పన్నును కలపలేదన్నమాట.

డీలర్లు చాలామంది పొరబడేది ఇంకొకటుంది. కంపెనీ భరించింది టీడీఎస్ మాత్రమే. రిటర్నులో డీలరు 2,00,000 ఆదాయంగా చూపాలి. ఆయన 30 శాతం శ్లాబులో ఉంటే, సెస్సు కాక, దాని మీద పన్ను 60,000. జమైన 20,000 పోగా మిగతా 40,000 ఆయన జేబులోంచే కట్టాలి.