సంక్రాంతికి ముందో సిట్టింగ్, తర్వాతో సిట్టింగ్

ఒక నమూనా కేసు తీసుకుందాం. విజయవాడలో ఉండే నలభై ఆరేళ్ల గృహిణికి కింది దవడలో కుడివైపు పన్ను ఏడాదిగా అప్పుడప్పుడూ సలుపుతోంది. మాత్ర వేసుకుంటే తగ్గడం, నెలకోసారి మళ్లీ రావడం మామూలైంది. 2025 జనవరి మొదట్లో చిగురు మీద చిన్న పొక్కు లేచి చీము కారితే డెంటిస్టు దగ్గరికి వెళ్లింది. ఎక్స్‌రేలో పంటి వేరు కొసన నల్లటి నీడ కనిపించింది. పంటి లోపలి నరం చచ్చిపోయి, అక్కడి ఇన్‌ఫెక్షన్ వేరు కొస దాటి ఎముకలోకి పాకిందని దాని అర్థం. పండక్కి అమలాపురం వెళ్లాలి, 11వ తేదీ సాయంత్రం మొదలుపెట్టి ఒక్క సిట్టింగ్‌లో కానిచ్చేయమని ఆమె అడిగింది. ఆ రాత్రి డాక్టరు నుంచి వాట్సాప్‌లో ఈ మెసేజ్ వచ్చింది.

“అమ్మా, 11న వద్దు. జనవరి 3 శుక్రవారం సాయంత్రం 5కి రండి. పన్ను తెరిచి శుభ్రం చేసి, లోపల మందు పెట్టి మూసేస్తాను. గంట పడుతుంది. భోంచేసి, షుగర్ మాత్ర వేసుకునే రండి. జనవరి 17 శుక్రవారం మందు తీసి ఫిల్లింగ్ చేస్తాను. ఆ రోజుకి వాపు గాని చీము గాని ఉంటే ఫిల్లింగ్ ఇంకో వారం వెనక్కి పోతుంది. 24న క్యాప్‌కి కొలతలు, 31న క్యాప్. జూలై 25న ఒక ఎక్స్‌రే. మధ్యలో నొప్పి పోయినా 17న రావడం మానకండి.”

డాక్టరుకు వీలున్న రోజులను బట్టి తేదీలు పడ్డాయని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. ఈ మెసేజ్‌లో అసలు లెక్కంతా తేదీల మధ్య ఉన్న ఖాళీలదే.

11వ తేదీ ఎందుకు వద్దన్నాడో చూడండి. చచ్చిన నరాన్ని గెలికి శుభ్రం చేసినప్పుడు కొందరికి మొదటి రెండు మూడు రోజుల్లో నొప్పి ఒక్కసారిగా ఎగదన్నుతుంది, వాపు కూడా రావచ్చు. అందరికీ రాదు. వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఆ రోజుల్లోనే వస్తుంది. శనివారం 11న మొదలుపెడితే ఆ ప్రమాదం సరిగ్గా భోగికీ సంక్రాంతికీ పడుతుంది. ఊళ్లో డాక్టరు దొరకడు, ఇక్కడి క్లినిక్‌కు తాళం. 3న మొదలుపెడితే ఊరెళ్లే లోపల వారం ఉంటుంది, తేడా వస్తే మళ్లీ తెరిచి చూడొచ్చు. పండగ అయ్యాకే మొదలుపెడదామంటే చీమున్న పన్నును అన్ని రోజులు వదిలేయడం మంచిది కాదు.

ఇక 3కీ 17కీ మధ్య రెండు వారాలు. కింది దవడలో ఆరేళ్ల వయసులో వచ్చే ఈ పెద్ద పన్నుకు రెండు వేర్లుంటాయి. వాటిలో మామూలుగా మూడు కాలువలు, కొందరికి నాలుగు. సన్నటి ఫైళ్లతో వాటిని వెడల్పు చేసి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో మళ్లీ మళ్లీ కడుగుతారు. అయినా పక్క సందుల్లో, మెలికల్లో ఫైలు చేరని చోట్లు మిగిలిపోతాయి. అక్కడి క్రిముల కోసమే మధ్యలో పెట్టే మందు కాల్షియం హైడ్రాక్సైడ్. తాంబూలంలో రాసుకునే సున్నం రసాయనంగా ఇదే. దాని క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12 పైన. ఆ ఘాటులో చాలా క్రిములు బతకలేవు. కానీ అది నిమిషాల్లో జరిగే పని కాదు, కనీసం వారం కావాలి. (వక్కాకు డబ్బాలోని సున్నాన్ని పుచ్చు పన్నులో కుక్కే ప్రయోగం ఎవరూ చేయొద్దు, నోరు కాలుతుంది.)

వారం చాలితే 10నే ఫిల్లింగ్ చేయొచ్చు కదా? చేయొచ్చు, కానీ ఫిల్లింగ్ అయ్యాక కూడా కొన్ని రోజులు నొప్పి రావచ్చు, అది మళ్లీ పండగ ముంగిట పడుతుంది. పైగా చిగురు మీది పొక్కు మానిందో లేదో తేల్చుకోవడానికి రెండు వారాలు మంచి గడువు.

అలాగని ఎన్నాళ్లయినా ఆగమని కాదు. పై రంధ్రాన్ని మూసింది టెంపరరీ ఫిల్లింగ్. మూడున్నర మిల్లీమీటర్ల మందం లేకపోతే అది ఎక్కువ రోజులు ఆపలేదు, ఉన్నా కొన్ని వారాల తర్వాత అంచుల వెంట లాలాజలం దిగడం మొదలవుతుంది. లాలాజలంతో పాటు క్రిములూ దిగుతాయి, మొదటి సిట్టింగ్ శ్రమ వృథా. నెలల తరబడి లోపలుంటే కాల్షియం హైడ్రాక్సైడ్ పంటినీ పెళుసు చేస్తుంది. కాబట్టి అరిసెలూ చేగోడీలూ ఎడమవైపే నమలాలి. సిమెంటు పైపొర కాస్త అరిగితే ఫర్వాలేదు. గుంట పడినా, నోట్లో మందు రుచి తగిలినా 17 దాకా ఆగకుండా ఫోన్ చేయాలి. వాపుతో జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం లేదా ఊపిరి కష్టమైనా తేదీల ఊసెత్తకుండా ఆసుపత్రికే పరిగెత్తాలి.

యాంటీబయాటిక్ వేసుకుంటూ గడపడం దీనికి బదులు కాదు. నరం చచ్చిన పంటి లోపలికి రక్తం వెళ్లదు, రక్తంలో కలిసిన మందూ వెళ్లదు. ఏడాదిపాటు ఆమె మింగిన మాత్రలతో జరిగింది ఇదే.

17న కుర్చీలో కూర్చున్నాక డాక్టరు చేసే మొదటి పరీక్ష పన్నును తట్టి చూడటం. తర్వాత రబ్బరు తెర కట్టి, పాత సిమెంటు తీసి, మందు కడిగి, అగ్గిపుల్ల కన్నా సన్నగా సూది మొనలా ఉండే కాగితపు కడ్డీని ఒక్కో కాలువలోకి దింపి పైకి లాగుతాడు. అది తెల్లగా, పొడిగా వస్తే గులాబీ రంగు గట్టాపెర్చాతో కాలువలు నింపేస్తాడు. కొస పచ్చగా తడిసినా, వాసన వేసినా లోపల ఇంకా చీమున్నట్టే. మళ్లీ కడిగి, మందు మార్చి, 24కి రమ్మంటాడు. అప్పుడు క్యాప్ తేదీ కూడా వారం జరుగుతుంది. దీన్ని బిల్లు పెంచే ఎత్తుగా చూడటం అన్యాయం. అదనపు సిట్టింగ్‌కు అదనపు ఫీజు ఉంటుందా అని మాత్రం మొదటిరోజే అడిగి తెలుసుకోవాలి.

ఒక్క సిట్టింగ్‌లో అసలు చేయరా అంటే, చేస్తారు. నరం ఇంకా బతికుండి, కేవలం పుచ్చు లోతుగా ఉన్న పన్నుకు గంటా గంటన్నరలో ముగించడం ఇప్పుడు మామూలే, ఫలితమూ బాగానే ఉంటుంది. ఈమె పన్ను ఆ కోవలోది కాదు, చీము కారుతోంది.

ఎక్కువమంది తప్పిపోయే తేదీ 24. ఫిల్లింగ్ అయింది, నొప్పి లేదు, క్యాప్ ఖర్చు కనిపిస్తోంది, పోనీ వేసవిలో చూద్దాం అనుకుంటారు. లోపల తవ్విన దవడ పన్ను పైన మిగిలేది పలచటి గోడలు. ఒక్క గట్టి జంతిక ముక్క చాలు, పన్ను వేరు దాకా చీలడానికి. అలా చీలితే పీకడమే. రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ వేయని పళ్లు, వేసిన వాటికన్నా సుమారు ఆరు రెట్ల వేగంతో ఊడిపోయాయని 2002లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఫిల్లింగ్‌కీ కొలతలకీ మధ్య వారం ఉంచింది నొప్పి తిరగబెట్టదని చూసుకోవడానికి మాత్రమే. ఎలా చూసినా నెల దాటనివ్వకూడదు.

జూలై 25 ఎక్స్‌రే నాటికి వేరు కొసన నీడ చిన్నదైతే చాలు, పూర్తిగా పోకపోయినా కంగారు పడనక్కర్లేదు. ఎముక పూడటానికి ఏడాది పట్టొచ్చు, కొందరికి నాలుగేళ్ల దాకా పడుతుంది. నీడ తగ్గిందా పెరిగిందా అన్నది పోల్చి చూస్తేనే తెలుస్తుంది కాబట్టి జనవరిలో తీసిన ఎక్స్‌రేను ఫోన్‌లోనైనా దాచుకుని, అప్పుడు వెంట తీసుకెళ్లండి.