సగం దగ్గరే ఎందుకు ఆపుతారు?

చెన్నై దగ్గర 2010లో మొదలైన మీంజూరు ప్లాంటును సముద్రపు నీటిని రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీరుగా మార్చేలా కట్టారు. అయితే తోడిన నీటిలో సగానికి పైగా తిరిగి సముద్రానికే పోతుంది. అది వృథా కాదు, భౌతికశాస్త్రం పెట్టిన హద్దు.

లెక్క చూద్దాం. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పొర గుండా నీరు ఇవతలికి రావాలంటే ముందు దాదాపు 27 బార్ల ఆస్మాటిక్ పీడనాన్ని దాటాలి. సగం నీరు బయటికి వచ్చేసరికి మిగిలిన దాంట్లో ఉప్పు లీటరుకు 70 గ్రాములవుతుంది, ఆ పీడనమూ 54 బార్లకు చేరుతుంది. అందుకే పంపు మొదటి నుంచీ 60 బార్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఇస్తుంది. ఇంకా పిండాలంటే పీడనం పెంచాలి, పొర మీద లవణాలు గడ్డకడతాయి. ఉత్పత్తి తగ్గి, పీడనం పెరుగుతుంటే పొర మూసుకుపోతున్నట్టే.

బయటికి పోయే ఉప్పునీటిలో ఇంకా బోలెడు పీడనం మిగులుతుంది. దాన్ని లోపలికొచ్చే నీటికి అందించే యంత్రాలు వచ్చాకే ఖర్చు వెయ్యి లీటర్లకు 3, 4 యూనిట్లకు దిగింది. అదే నీటిని ఒక్కసారి మరిగించి ఆవిరి చేయాలంటే 600 యూనిట్లకు పైగా వేడి కావాలి. స్వేదనం చేసేవాళ్లు ఆ వేడిని దశలవారీగా మళ్లీ మళ్లీ వాడుకుంటారు. లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2005 నుంచి నడిచే ప్లాంటు అసలు మంటే పెట్టదు: పీడనం తగ్గించి ఉపరితలపు గోరువెచ్చని నీటిని ఆవిరి చేసి, లోతు నుంచి తెచ్చిన చల్లని నీటితో చల్లబరుస్తుంది.

ఇక మిగిలిన ఉప్పునీరు బరువైనది. ఒకేచోట వదిలితే అడుగుకు దిగి పరుచుకుంటుంది, అక్కడి జీవులకు ఆక్సిజన్ అందదు. గొట్టం చివర చిన్న రంధ్రాల గుండా వేగంగా చిమ్మితే చుట్టుపక్కల నీటిలో త్వరగా కలుస్తుంది. ప్రవాహాలు తక్కువగా ఉండే మూసుకున్న అఖాతాల్లో మాత్రం ఈ ఉపాయమూ అంతగా పనిచేయదు.