ముందు ఏ మెయిల్‌కి రిప్లై ఇవ్వాలి?

ఆ రాత్రి ఓ మెయిల్‌కి రిప్లై రాయడానికి రెండున్నర గంటలు పట్టింది నాకు. పంపినవాళ్లు పెద్ద కంపెనీలా కనిపించారు. కింద లోగో, హోదా, పక్కా ఇంగ్లిష్. 'మీ రేట్లు పంపండి, ముందు ముందు చాలా వర్క్ ఉంటుంది' అన్నారు. పాత డిజైన్లన్నీ జతచేసి, కొటేషన్ కట్టి పంపా. ఇప్పటివరకూ ఉలుకూ పలుకూ లేదు.

అదే సాయంత్రం మొబైల్ నుంచి రెండు లైన్ల మెయిల్ ఇంకోటి వచ్చింది. నిమ్మకాయ పచ్చడి, పావు కిలో సీసా, లేబుల్ శుక్రవారానికి ప్రింటర్‌కి ఇవ్వాలట. 'రేపు చూద్దాంలే' అనుకున్నా. మర్నాడు మధ్యాహ్నం రిప్లై ఇస్తే, 'వేరేవాళ్లకి ఇచ్చేశామండీ' అన్నారు. ఆ నెల నా అద్దె ఆ పనితో వెళ్లిపోయేది.

నేను పచ్చళ్లు, పొడులు, స్వీట్లు చేసి అమ్మేవాళ్లకి లేబుళ్లు డిజైన్ చేస్తాను. ఆ దెబ్బకి ఓ ఆదివారం కూర్చుని, పాత ఎంక్వైరీలు 40 తీసి షీట్‌లోకి ఎక్కించా. వాటిలో డబ్బులు చేతికొచ్చినవి 9. ఆ తొమ్మిదింటిలో ఉండి మిగతావాటిలో లేనిది ఏమిటి? నేను వెతికింది అదొక్కటే.

ప్రింటింగ్ తేదీ చెప్పిన మెయిళ్లు 10 ఉంటే, 6 పనులయ్యాయి. తేదీ లేని 30లో అయినవి మూడే. నా పాత కస్టమర్ ఎవరో చెప్తే వచ్చినవాళ్లు ఆరుగురు, వాళ్లలో నలుగురు పని ఇచ్చారు. ఈ రెండింటికీ చెరో 3 మార్కులు. కేవలం 'రేటెంత?' అని అడిగినవి 15 ఉంటే, ఒక్కటే నిలబడింది. దానికి మైనస్ 2.

ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ ప్రస్తావన కూడా మంచి గుర్తే. ఆ 14 అంకెల నంబర్ లేబుల్ మీద ఉండి తీరాలి కాబట్టి, అది చేతిలో ఉన్నవాళ్లు సరుకు అమ్మడానికి దాదాపు సిద్ధమైనట్టే. దీనికి 2 ఇద్దామనుకున్నా. కానీ లైసెన్స్ గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది తేదీ కూడా రాశారు. ఒకే విషయానికి రెండుసార్లు మార్కులు వేసినట్టవుతుందని 1తో సరిపెట్టా.

అసలు ఆశ్చర్యం కంపెనీ పేరుతో ఉన్న మెయిల్ ఐడీల దగ్గర. అవి 14 వస్తే 3 పనులు. మామూలు జీమెయిల్ ఐడీలు 26 వస్తే 6. తేడా ఏమీ లేదు! నేను పడిపోయిందేమో ఆ లోగో చూసే. దానికి సున్నా.

షీట్‌లో తేదీకి B, పరిచయానికి C, లైసెన్స్‌కి D, రేటు మాత్రమే అడిగితే E. మెయిల్ చదువుతూ, ఉన్నదానికి y కొడతాను. F2లో ఫార్ములా ఇది:

```
=3*(B2="y")+3*(C2="y")+(D2="y")-2*(E2="y")
```

ఆ రాత్రి వచ్చిన రెండు మెయిళ్లనూ ఇందులో వేసి చూశా. పెద్ద కంపెనీకి మైనస్ 2. నిమ్మకాయ పచ్చడికి 3. ఇప్పుడు 3, అంతకంటే ఎక్కువ వస్తే గంటలోపు ఫోన్‌లోంచే రిప్లై ఇస్తాను. మిగతావి రాత్రికి.

తక్కువ మార్కులొచ్చినవాటిని పారేయను. రేటు మాత్రమే అడిగినవాళ్లకి రెడీగా పెట్టుకున్న మూడు ప్రశ్నలు పంపుతాను: ఎన్ని రకాలు, ప్యాక్ సైజు ఎంత, ప్రింటింగ్ ఎప్పుడు? నిమిషం పని. ఓ స్వీట్ షాపాయన మైనస్ 2తో మొదలయ్యాడు. 'దీపావళికి పది రోజుల ముందు, ఆరు రకాల బాక్సులు' అని జవాబిచ్చేసరికి 3కి ఎక్కాడు. పాపం, మెయిల్ రాయడం రాదంతే.

ఇంకో చిక్కు మాత్రం చాలా ఆలస్యంగా తట్టింది. తక్కువ మార్కులవాళ్లకి నేను ఎలాగూ లేటుగా రిప్లై ఇస్తాను. లేటయింది కాబట్టి వాళ్లు వేరేచోటికి వెళ్తారు. నేనేమో 'చూశావా, షీట్ కరెక్టే' అనుకుంటాను! ఆ పాత 40 మెయిళ్లలోనూ ఎన్ని నా బద్ధకం వల్ల పోయాయో ఎవరికి తెలుసు?

అందుకే ఎన్ని గంటల్లో రిప్లై ఇచ్చానో G కాలమ్‌లో రాస్తున్నా. వారానికో తక్కువ మార్కుల మెయిల్‌ని కళ్లు మూసుకుని ఎంచి, దానికీ గంటలోపే రిప్లై ఇస్తున్నా. ఇప్పటికి అలా పదకొండు అయ్యాయి. రెండు పనులొచ్చాయి. ఇంకో ఇరవై అయ్యాక ఆ మైనస్ 2ని మైనస్ 1 చేయాలేమో చూడాలి.